ధర పెరిగే ఏడాదిలో మిగిలిన సరుకుకి రేటు ఎలా కట్టాలి: ఫిఫో, సగటు, లైఫో లెక్క ఒక నూనె కొట్టు మీద

మార్చి 31 రాత్రి గొడౌన్‌లో టిన్నులు లెక్కపెట్టడం పెద్ద పని కాదు, కుర్రాళ్ళిద్దరు ఉంటే గంటలో అయిపోద్ది. అసలు తలనొప్పి ఆ తర్వాత వస్తది, ఎందుకంటే నూటయాభై టిన్నులున్నాయి అని రాశాక పక్కన రేటు గడి ఖాళీగా ఉంటది, ఏడాది పొడుగునా నాలుగు రేట్లకి కొన్న సరుకు అది, అందులో ఏ రేటు వెయ్యాలి? ఆ ఒక్క గడిలో రాసే అంకెని బట్టే మీ లాభం లక్ష పైన ఉందా యాభై వేల దగ్గరుందా అన్నది తేలుతుంది. పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు మనోళ్ళ కిరాణా హోల్‌సేల్ కొట్లలో పామాయిల్ టిన్ను అందరికీ తెలిసిందే కాబట్టి దాని మీదే చేసి చూపిస్తా, మీది చింతపండైనా సిమెంటైనా దారి ఇదే.

నూనెనే ఎందుకు తీసుకున్నానంటే ధర ఎలా ఎగురుద్దో అందరూ చూశారు. 2024 సెప్టెంబర్ 14 నుంచి కేంద్రం ముడి పామాయిల్ మీద బేసిక్ కస్టమ్స్ డ్యూటీని సున్నా నుంచి 20 శాతానికి, రిఫైన్డ్ మీద 12.5 నుంచి 32.5 శాతానికి పెంచింది. మనం తినే పామాయిల్‌లో ఎక్కువ భాగం ఓడల్లో వచ్చేదే కాబట్టి ఆ దెబ్బ నేరుగా టిన్ను రేటు మీద పడ్డది. కింద నేను వేసే రేట్లు మాత్రం లెక్క తేలిగ్గా ఉండాలని నేనే పెట్టుకున్నవి, మార్కెట్ రేట్లు కావు.

ముందు కొనుగోలు ధర సరిగ్గా కట్టండి

ఏ పద్ధతి అయినా టిన్ను మీకు ఎంతకి పడ్డదో తెలియకపోతే అంతా తప్పే. కాకినాడ నుంచి లోడు వస్తే బిల్లు రేటుకి లారీ బాడుగ, దింపిన కలాసీల కూలీ కలపాలి. కొట్టు నుంచి ఊళ్ళోకి డెలివరీ ఇచ్చే ఆటో ఖర్చు, గొడౌన్ అద్దె కలపకూడదు, అవి ఆ ఏడాది ఖర్చులోకే పోతాయి.

జీఎస్టీ సంగతి మన సరిహద్దులో కొంచెం చూసుకోవాలి. ఆంధ్ర నుంచి వచ్చే బిల్లు మీద ఐజీఎస్టీ ఉంటది, ఒడిశా డీలర్ బిల్లు మీద సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ ఉంటాయి, ఏదైనా సరే మీరు క్రెడిట్ తీసుకుంటుంటే అది ధరలో కలవదు, తిరిగి వచ్చే డబ్బు కదా. కంపోజిషన్‌లో ఉంటే క్రెడిట్ రాదు కాబట్టి ఆ పన్ను మీ ధరలో భాగమే. కాకినాడ బిల్లుకి పన్నుతో, లోకల్ బిల్లుకి పన్ను లేకుండా రేటు ఎక్కించేవాళ్ళు ఉంటారు, అప్పుడు ధర పెరగకుండానే పెరిగినట్టు కనిపిస్తది.

తర్వాత ఏడాది కొనుగోళ్ళన్నీ తేదీ వరసలో రాయండి

అన్ని ఖర్చులు కలిపి మన కొట్టు లెక్క ఇది:

- ఏప్రిల్ 1న పాత నిల్వ: 100 టిన్నులు, 1,500 చొప్పున 1,50,000
- జూన్‌లో కొన్నది: 200 టిన్నులు, 1,600 చొప్పున 3,20,000
- అక్టోబర్‌లో కొన్నది: 200 టిన్నులు, 1,800 చొప్పున 3,60,000
- జనవరిలో కొన్నది: 100 టిన్నులు, 2,000 చొప్పున 2,00,000

మొత్తం 600 టిన్నులు, 10,30,000 రూపాయలు. అమ్మకాలు మూడు విడతలుగా అయ్యాయి అనుకుందాం. జూన్ లోడు దిగాక 200 టిన్నులు 1,750కి, అక్టోబర్ లోడు తర్వాత 150 టిన్నులు 1,950కి, జనవరి లోడు తర్వాత 100 టిన్నులు 2,150కి. మొత్తం 450 టిన్నులు, 8,57,500. మిగిలింది 150.

ఇక్కడో మాట ముందే చెప్పుకోవాలి, లేకపోతే చివరిదాకా గందరగోళమే. ఫిఫో, సగటు, లైఫో అనే ఈ మూడు పద్ధతులూ ఏ టిన్ను గొడౌన్ దాటి వెళ్ళిందో చెప్పేవి కావు, ఏ రేటు పుస్తకంలోంచి వెళ్ళిందో చెప్పేవి. నూనెకి ఎక్స్‌పైరీ ఉంటది కాబట్టి కుర్రాడు ఎలాగూ పాత టిన్నే ముందు తీయాలి, పుస్తకంలో సగటు వేసినా సరే. లైఫో అంటే కొత్త టిన్నులు ముందు అమ్మడం అనుకుని భయపడక్కర్లేదు.

ఫిఫో: కింది బిల్లు నుంచి పైకి లెక్కపెట్టండి

ముందు వచ్చింది ముందు పోయిందని అనుకోవడం ఫిఫో. అంటే మిగిలినవి కొత్తవి. మిగిలిన 150కి రేటు వెయ్యాలంటే ఆఖరి బిల్లు పట్టుకుని పైకి పోవాలి. జనవరి బిల్లులోవి 100, రెండు వేల చొప్పున 2,00,000. ఇంకా 50 కావాలి, అవి అక్టోబర్ బిల్లులోంచి 1,800 చొప్పున 90,000. నిల్వ విలువ 2,90,000.

పేరులో 'ముందు' అని ఉంది కదా అని నిల్వకి కూడా ముందు బిల్లు రేటు వేసేస్తారు కొందరు, అది పూర్తిగా తిరగబడ్డ లెక్క. ఇంకో రకం తప్పు ఇంకా ఎక్కువ జరుగుద్ది, 150కి 150 ఆఖరి రేటుతో గుణించేసి 3,00,000 అని రాసేయడం. ఆఖరి బిల్లులో ఉన్నవే 100 టిన్నులైతే 150కి ఆ రేటు ఎక్కడి నుంచి వస్తది? పదివేలు లేని లాభం పుట్టినట్టే.

ఇప్పుడు 10,30,000లోంచి 2,90,000 తీసేస్తే అమ్మిన సరుకు ధర 7,40,000. అమ్మకాలు 8,57,500. గ్రాస్ లాభం 1,17,500.

సగటు: రెండు రకాలున్నాయి, మీది ఏదో తేల్చుకోండి

ఏడాది మొత్తానికి ఒకటే సగటు తీస్తే 10,30,000ని 600తో భాగించాలి, టిన్ను 1,716.67 పడుద్ది. 150 టిన్నులకి 2,57,500. అమ్మిన సరుకు ధర 7,72,500, లాభం 85,000. నాలుగు రేట్లు కూడి నాలుగుతో భాగిస్తే 1,725 వస్తది, అది తప్పు. నూరు టిన్నుల బిల్లుకి, రెండొందల టిన్నుల బిల్లుకి సమాన బరువు ఇచ్చినట్టవుతుంది.

రెండోది లోడు దిగినప్పుడల్లా సగటు మార్చుకుంటూ పోయేది. జూన్ లోడు దిగాక 300 టిన్నులు, 4,70,000, సగటు 1,566.67. అందులోంచి 200 పోతే 100 మిగిలాయి, విలువ 1,56,667. అక్టోబర్ లోడు కలిస్తే 300 టిన్నులు, 5,16,667, సగటు 1,722.22. 150 పోయాయి, మిగిలిన 150 విలువ 2,58,333. జనవరి లోడు కలిస్తే 250 టిన్నులు, 4,58,333, సగటు 1,833.33. 100 పోయాక మిగిలిన 150 విలువ 2,75,000. అమ్మిన సరుకు ధర 7,55,000, లాభం 1,02,500.

చూశారా, రెండూ సగటే, రెండూ ఒప్పుకున్న పద్ధతులే, అయినా లాభంలో 17,500 తేడా. ఎందుకంటే ఏడాది సగటులో జనవరిలో కొన్న రెండు వేల రేటు కూడా జూన్‌లో అమ్మిన టిన్ను ధరలోకి దూరిపోయింది, అప్పటికి ఆ సరుకు కొననే లేదు. రోజువారీ మార్జిన్ చూసుకునే కొట్టుకి లోడు లోడుకి మారే సగటే నయం అని నా అభిప్రాయం, చిన్న కొట్టుకి ఏడాది సగటు తేలిక.

లైఫో: పుస్తకంలో రాయకండి, కానీ లెక్క వేసి చూడండి

ఆఖర్న వచ్చిన రేటు ముందు పోయిందనుకోవడం లైఫో. ఏడాది చివర ఒకేసారి లెక్కేస్తే మిగిలిన 150లో 100 పాత 1,500వి, 50 జూన్ 1,600వి, విలువ 2,30,000. లాభం 57,500. ఫిఫోతో పోలిస్తే సగం కూడా కాదు.

అదే లైఫోని అమ్మకం అమ్మకానికి వేస్తే వేరే అంకె వస్తది. జూన్ తర్వాత పోయిన 200 జూన్ రేటువే, అక్టోబర్ తర్వాత పోయిన 150 అక్టోబర్ రేటువే, జనవరి తర్వాత పోయిన 100 జనవరి రేటువే. మిగిలింది పాత 100 టిన్నులు 1,500 చొప్పున, అక్టోబర్‌వి 50 టిన్నులు 1,800 చొప్పున, మొత్తం 2,40,000. లాభం 67,500. ఈ 67,500ని గుర్తుపెట్టుకోండి, దీంతో పనుంది.

మన దేశంలో లైఫోతో పుస్తకాలు మూయడం కుదరదు. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ పెట్టిన అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్ 2లో ఇలాంటి ఒకదానికొకటి మారిపోయే సరుక్కి ఫిఫో లేదా వెయిటెడ్ సగటు, ఈ రెండే ఉన్నాయి. ఇన్‌కం ట్యాక్స్ వైపు ఉన్న ఐసీడీఎస్ 2 కూడా అదే చెబుద్ది, అయితే ట్యాక్స్ ఆడిట్ అవసరం లేని సొంత వ్యాపారులకి ఐసీడీఎస్ వర్తించదు. అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఏఎస్ 2లోంచి లైఫోని 2003లో తీసేశారు, 2005 నుంచి అమల్లోకి వచ్చింది. అమెరికాలో మాత్రం ఇప్పటికీ నడుస్తోంది, కానీ అక్కడా ఒక షరతుంది, ట్యాక్స్‌కి లైఫో వేసేవాళ్ళు వాటాదారులకి చూపించే లెక్కలో కూడా లైఫోనే వెయ్యాలి, ట్యాక్సోళ్ళకి తక్కువ లాభం, షేర్‌హోల్డర్లకి ఎక్కువ లాభం చూపించుకుంటానంటే కుదరదు.

అక్కడ కొన్ని కంపెనీల పుస్తకాల్లో దశాబ్దాల కిందటి రేట్లు నిల్వలో అలాగే ఉండిపోతాయి, ఒక ఏడాది నిల్వ బాగా తగ్గిందంటే ఆ పాత రేట్లు బయటికొచ్చి లాభం ఒక్కసారిగా ఉబ్బుద్ది. బ్యాలన్స్ షీట్‌లో సరుకు విలువ నిజానికి దగ్గరగా ఉండదనే ఈ పద్ధతిని మిగతా చోట్ల వదిలేశారు.

ఇప్పుడు గల్లాపెట్టె చూడండి

నాలుగైదు లాభాలొచ్చాయి కదా, డబ్బు ఎంతుంది మరి? అమ్మకాల మీద వచ్చింది 8,57,500. ఈ ఏడాది కొనుగోళ్ళకి పెట్టింది 8,80,000. అంటే 22,500 ఎదురు పెట్టారు. ఫిఫో అన్నా సగటు అన్నా లైఫో అన్నా ఈ 22,500 ఒక పైసా మారదు. పుస్తకంలో 1,17,500 లాభం, గల్లాలో 22,500 తక్కువ, సావుకారు ఆడిటర్ మీద అరిచేది సరిగ్గా ఇక్కడే, 'లాభం ఉంటే డబ్బేదయ్యా?' అని.

డబ్బు గొడౌన్‌లో ఉంది. ఏప్రిల్‌లో 100 టిన్నులు 1,50,000కి ఉండేవి, మార్చికి 150 టిన్నులు ఫిఫోలో 2,90,000. నిల్వ 1,40,000 పెరిగింది. అందులో 90,000 మీరు కావాలని పెంచుకున్న 50 టిన్నులది, దాన్ని పక్కన పెట్టండి. మిగతా 50,000 మాత్రం వేరే రకం. అవే వంద టిన్నులు, ఒక్కటి కూడా ఎక్కువ కాదు, 1,500 నుంచి 2,000 అయ్యాయి అంతే. కొట్టు నడవాలంటే ఆ వంద ఎప్పుడూ గొడౌన్‌లో ఉండాల్సిందే కాబట్టి ఆ 50,000ని మీరు ఇంటికి పట్టుకెళ్ళలేరు. 1,17,500లోంచి 50,000 తీసేయండి, 67,500. ఇందాక అమ్మకం అమ్మకానికి వేసిన లైఫోలో వచ్చిన అంకె అదే. ఫిఫోకీ దానికీ తేడా మొత్తం ఆ వంద టిన్నుల మీద పెరిగిన ధరే.

అందుకే లైఫోని పుస్తకంలో రాయలేకపోయినా ఒక కాగితం మీద వేసుకోమంటా. అన్నదమ్ములో బావమరిదో భాగస్తులుగా ఉన్న కొట్లలో మార్చి తర్వాత లాభం పంచుకునేది ఫిఫో అంకె చూసే, 1,17,500ని చెరి సగం తీసేసుకుంటే వచ్చే లోడుకి వడ్డీకి తేవాలి. పంపకానికి 67,500 దగ్గర ఆగండి, అందులోంచి కూడా కొట్టు అద్దె, జీతాలు, ట్యాక్స్ పోవాలి.

ట్యాక్స్ మాత్రం పుస్తకంలో రాసిన లాభం మీదే పడుద్ది. భాగస్వామ్య సంస్థకి 30 శాతం అనుకుంటే ఫిఫోకీ ఏడాది సగటుకీ ఉన్న 32,500 తేడా మీద సెస్సు కాకుండా 9,750 ఎక్కువ కట్టాలి. అయితే ఇది పోయిన డబ్బు అనుకోకండి, ముందుగా కట్టిన డబ్బు. ఈ ఏడాది ముగింపు నిల్వ 2,90,000 వచ్చే ఏడాది ప్రారంభ నిల్వ అవుద్ది, అంటే వచ్చే ఏడాది ఖర్చు ఎక్కువ, లాభం ఆ మేరకి తక్కువ. ధరలు ఆగకుండా పెరుగుతూ ఉంటే ఆ తేడా ఏటా ముందుకి జరుగుతూ ఉంటది, ధర ఆగిన ఏడో సరుకు ఖాళీ అయిన ఏడో తిరిగొస్తది. టర్నోవర్ మీద శాతం కట్టే అంచనా పద్ధతిలో ఉన్నవాళ్ళకి ఏ రేటు వేసినా ట్యాక్స్ మారదు, వాళ్ళకి ఈ లెక్క పంపకానికీ బ్యాంకుకీ మాత్రమే.

ట్యాలీలో పెట్టేటప్పుడు

సరుకు మాస్టర్‌లో `Costing Method` అని ఉంటది, కనపడకపోతే F12 నొక్కి ఆన్ చేసుకోవాలి. మామూలుగా `Avg. Cost` ఉంటది, `FIFO` ఉంటది, లైఫో రకాలు కూడా ఉంటాయి కానీ సాఫ్ట్‌వేర్ చూపించిందని చట్టం ఒప్పుకున్నట్టు కాదు. సగటు పెట్టుకుంటే ఒక్క సరుకుకి చేత్తో లెక్కేసి, అది ఇచ్చేది ఏడాది సగటా మారే సగటా చూసుకోండి, పైన చెప్పిన 17,500 తేడా అక్కడే దాక్కుంటది.

మధ్యలో పద్ధతి మార్చి చూద్దామనిపిస్తే అసలు కంపెనీలో వద్దు, బ్యాకప్ తీసి వేరే కాపీలో చూడండి. మార్చగానే ట్యాలీ నిల్వ విలువ మళ్ళీ లెక్కేస్తది, పాత ఏళ్ళ డేటా అదే కంపెనీలో ఉంటే పాత మార్చి 31 విలువ కూడా కదులుద్ది. ఎలా పట్టుకోవాలంటే, సంతకం అయిన పోయినేడాది బ్యాలన్స్ షీట్‌లో నిల్వ ఎంతుందో, ఇప్పుడు ఏప్రిల్ 1 ప్రారంభ నిల్వ ఎంత చూపిస్తుందో పక్కపక్కన పెట్టండి, రూపాయి తేడా ఉన్నా ఎవరో రేటు పద్ధతినో పాత ఎంట్రీనో కదిపారని అర్థం. లాభం బాగున్న ఏడు సగటు, బ్యాంకు లిమిట్ కావాల్సిన ఏడు ఫిఫో అని మార్చుకుంటూ పోవడం కూడా కుదరదు, మార్చడానికి సరైన కారణం ఉండాలి, మార్చినట్టు, దానివల్ల లాభం ఎంత కదిలిందో రాయాలి.

లెక్క సరిగ్గా వచ్చిందో లేదో చూసే తేలికైన దారి ఒకటుంది. ధర ఏడాదంతా పెరుగుతూనే ఉంటే మిగిలిన టిన్ను రేటు ఫిఫోలో అన్నిటికన్నా ఎక్కువ, తర్వాత మారే సగటు, తర్వాత ఏడాది సగటు, అడుగున లైఫో ఉండాలి. మన కొట్టులో ఫిఫో టిన్ను 1,933, మారే సగటు 1,833, ఏడాది సగటు 1,717, లైఫో ఏడాది చివర వేస్తే 1,533, అమ్మకం అమ్మకానికి వేస్తే 1,600. ఈ వరస తప్పితే ఏదో బిల్లు రెండుసార్లు ఎక్కిందనో, తేదీ తప్పు పడిందనో చూడండి.

ధర తిరగబడితే

పెరిగిన ధర అలాగే నిలబడదు. 2025 మే 31 నుంచి ముడి పామాయిల్ మీద బేసిక్ డ్యూటీని 20 నుంచి 10 శాతానికి దించారు. ఇలాంటిది మార్చి లోపల జరిగితే ఫిఫో వాళ్ళకే ముందు తగులుద్ది, ఎందుకంటే వాళ్ళ నిల్వ ఖరీదైన రేట్లతో కూర్చుని ఉంది. నిల్వని కొన్న ధరా, అమ్మితే చేతికొచ్చే ధరా, రెండిట్లో ఏది తక్కువైతే దానికే చూపించాలి. మార్చి 31న టిన్నుకి అమ్మకం ఖర్చులు పోను 1,850 మాత్రమే వస్తుందనుకోండి, 150 టిన్నులకి 2,77,500. ఫిఫో విలువ 2,90,000 కాబట్టి 12,500 తగ్గించి రాయాలి, లాభం 1,05,000కి దిగుద్ది. ఏడాది సగటు వాళ్ళది 2,57,500, వాళ్ళు ముట్టుకోనక్కర్లేదు. ఈ పోలిక సరుకు సరుకుకీ విడిగా చెయ్యాలి, పామాయిల్‌లో పోయింది సన్‌ఫ్లవర్‌లో వచ్చిందిలే అని కలిపేయకూడదు. 1,850 అన్నది ఎక్కడి నుంచి వచ్చిందని ఆడిటర్ అడుగుతాడు, కాబట్టి మార్చి ఆఖరి వారం, ఏప్రిల్ మొదటి వారం అమ్మకం బిల్లులు నిల్వ లిస్టుకే పిన్ చేసి పెట్టండి.